మాస్టారికి రాసిన ఉత్తరం

గత వారం మా కాలేజీ రోజుల మాస్టారిని నల్లకుంటలో ఒక చిన్న సభకు పిలుస్తూ మెయిల్ రాశాను. మాధాపూర్ ఆఫీసులో రోజూ రాసే అలవాటుతో పైన ‘హాయ్ సర్’, కింద ‘రిగార్డ్స్’ అని పెట్టేశాను. పన్నెండేళ్ల తర్వాత రాస్తున్న మొదటి మాట అది.

జవాబు నా పేరుకు ముందు ‘శ్రీమతి’, తర్వాత ‘గారికి’ అని మొదలై ‘భవదీయుడు’ అని ముగిసింది. మనసు చివుక్కుమంది. మనం రాసినదానికన్నా జవాబు బిగుసుకుపోయి వచ్చిందంటే, మన పలకరింపు అవతలివాళ్లకు తేలికగా అనిపించిందని నాకు అర్థమైంది.

మళ్లీ రాశాను. ‘గౌరవనీయులైన మాస్టారికి, నమస్కారాలు’ అని మొదలుపెట్టాను. ముగింపు దగ్గరే చాలాసేపు ఆగాను. ‘భవదీయురాలు’ పరిచయం లేనివాళ్లకు, ఆఫీసు ఉత్తరాలకు సరిపోతుంది. ‘విధేయురాలు’ అంటే సెలవు చీటీలా ఉంటుంది. రెండింటిలో గౌరవం ఉంది కానీ, ఆయన దగ్గర చదువుకున్న చనువు లేదు. చివరికి ‘మీ విద్యార్థిని’ అని రాసి, కింద నా పేరు, బ్యాచ్ సంవత్సరం పెట్టాను. ఇన్నేళ్ల తర్వాత పేరొక్కటే చూస్తే గుర్తుపట్టడం కష్టం కదా.

ఈసారి ‘చి.సౌ.’ అని నా పేరు, చివర ‘ఆశీస్సులతో’ అని వచ్చింది. సభకు వస్తానన్నారు.

అదే ‘గౌరవనీయులైన’ను మా టీమ్‌లో పక్క సీటు అమ్మాయికి రాస్తే, ఏం తప్పు చేశానో అని టెన్షన్ పడుతుంది. తనకు పేరు, ఒక కామా చాలు.