ఎదురింటి పెద్దమ్మకు రాసిన ఉత్తరం

ఆదివారం, అక్టోబరు ఆఖరు. బిట్రగుంట.

కూరగాయల సంచి ఇంకా కింద పెట్టలేదు, ఎదురింటి పెద్దమ్మ ఫోన్ పట్టుకుని వచ్చేసింది. పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఫారాన్ని బెంగళూరులోని మనవడు ఫోన్‌లోనే తెలుగు చేసి ఫోటో పంపాడట. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు అక్షరాలు అతికించినట్టు ఉన్నాయి, టిక్కు పెట్టే గళ్ళు సగం వాటి కిందే పోయాయి. ఆమె కోపం మాత్రం గళ్ళ గురించి కాదు. "ఏందబ్బయా, ఈ వయసులో మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా అని అడగతా ఉండారు?"

పెన్షనర్ల సంఘంలో ఫారాలు నింపిపెట్టడం నేను వాలంటీరుగా చేసే పనే. కానీ పెద్దమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. నోటితో చెబితే అన్నిటికీ తల ఊపి, ఇంటికెళ్ళి తనకు తోచింది రాసేస్తుంది. అందుకని మధ్యాహ్నం కూర్చుని పెద్ద అక్షరాలతో ఉత్తరం రాశాను. సంగతి మర్చిపోకుండా ఇక్కడా ఎక్కిస్తున్నా.

"పెద్దమ్మా, ముందు పెళ్ళి సంగతి. అది మిమ్మల్ని అనుమానించి అడిగింది కాదు. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే వాళ్ళందరికీ ఆ ప్రశ్న ఉంటుంది. 'లేదు' అని పెట్టండి. మళ్ళీ ఉద్యోగంలో చేరారా అన్నదానికీ అంతే.

పైన పెన్షన్ రకం దగ్గర 'సేవ', 'కుటుంబం' అని రెండున్నాయి. పెదనాన్న రైల్వేలో సేవ చేశారు కదా అని మీరు మొదటిదాని మీద వేలు పెట్టారు. అది రిటైరైన మనిషి తనకోసం పెట్టేది. మీకు వచ్చేది ఫ్యామిలీ పెన్షన్, కాబట్టి రెండోది. ఇది తప్పితే సర్టిఫికెట్ తిరగ్గొడతారు.

ఖాతా నంబరు గ్యాస్ డబ్బులు పడే పుస్తకంలోది వద్దు. ప్రతి నెలా పెన్షన్ పడే పుస్తకంలోదే రాయాలి. పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన కాగితమే పిపిఓ. దాని నంబరు కూడా ఆ పుస్తకం మొదటి పేజీలోనే బ్యాంకువాళ్ళు పెన్నుతో రాసిపెట్టారు, నేను చూశాను.

ఈ ఫోటో చదువుకోవడానికే. దీన్ని ప్రింటు తీసి బ్యాంకులో ఇవ్వకండి. అసలు మీరు బ్యాంకు మెట్లెక్కే పనే లేదు. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి ఆధార్‌తో చేస్తాడు, 70 రూపాయలు తీసుకుంటాడు. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించి కూడా చేయొచ్చు. అతను అడిగేవీ ఇవే ప్రశ్నలు, కాబట్టి ఈ జవాబులు దగ్గర పెట్టుకోండి."

వేలిముద్ర సంగతి కావాలనే రాశాను. అంట్లు తోమీ తోమీ ఆమె బొటనవేళ్ళు నున్నగా అయిపోయాయి, రేషన్ దగ్గర కూడా ఇదే గొడవ.

ఇంకో మాట కూడా చేర్చాను. సర్టిఫికెట్ తయారవగానే ఫోన్‌కి ప్రమాణ్ ఐడీ అని ఒక నంబరు వస్తుంది. అది రాగానే అంతా అయిపోయిందనుకుని చాలామంది ఫోన్ పక్కన పడేస్తారు. సర్టిఫికెట్ తయారైందని మాత్రమే దాని అర్థం. పెన్షన్ ఇచ్చే బ్యాంకు ఒప్పుకుందో లేదో ఆ తర్వాత తెలుస్తుంది. వివరాలు కలవకపోతే తిరగ్గొడుతుంది, అప్పుడు మళ్ళీ మొదటినుంచి చేయించుకోవాలి. మా సంఘంలో ఒకాయనకు ఇలాగే పెన్షన్ ఆగింది. సర్టిఫికెట్ సరిచేశాక బకాయిలతో సహా వచ్చిందనుకోండి, కానీ ఆ మధ్యలో మందుల షాపులో అప్పు పెట్టాల్సి వచ్చింది. అందుకే ఆ మెసేజ్‌ని చెరిపేయకుండా నాకు చూపించమని రాశాను.

సాయంత్రం ఉత్తరం ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి ఒక్కో వరుసా చదివింది. పెళ్ళి దగ్గర నవ్వేసింది. ఆ తర్వాత అడిగింది అసలైన ప్రశ్న: "80 నిండితే పెన్షన్ పెరగతదంట గదా?"

పెరుగుతుంది. ఫ్యామిలీ పెన్షన్ వాళ్ళకూ 80 నిండే నెల నుంచి బేసిక్ పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. అయితే పిపిఓలో ఆమె పుట్టిన తేదీ ఉండాలి. భర్త పేరున ఎప్పుడో ఇచ్చిన పాత పిపిఓల్లో భార్య పేరు ఉంటుంది గానీ చాలాసార్లు తేదీ ఉండదు. తేదీ లేకపోతే బ్యాంకుకి ఆమె వయసెంతో తెలిసే దారి లేదు.

"మీరు పుట్టింది ఎప్పుడు పెద్దమ్మా?" అని గట్టిగా అడిగాను.

"ఆధార్‌లో జనవరి ఒకటి ఏశారు. మా అమ్మ మాత్రం వరి కోతలప్పుడు అనేది."

ఆధార్ ప్రకారం వచ్చే జనవరికి 80. పిపిఓ కాగితం ట్రంకుపెట్టెలో అడుగున ఉందట, పైన పరుపులు పేర్చి ఉన్నాయి. రేపు నేనూ, మా తమ్ముడూ వెళ్ళి దించాలి.