సాక్షిగా పిలిచి దోషిగా రాశారు: విచారణ కమిషన్‌తో నా అనుభవం

హైకోర్టు తీర్పు నకలు నిన్న చేతికందింది. కమిషన్ నివేదికలో నా గురించి రాసిన పేరాలు చెల్లవని కోర్టు తేల్చింది. ఆ నివేదికను చూపి నల్గొండలో నన్ను దొంగను చేసి మాట్లాడినవాళ్లు ఉన్నారు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. నేను ఉద్యోగంలో ఉండగా జరిగిన ఒక కాలువ లైనింగ్ పనిపై ప్రభుత్వం 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద కమిషన్ వేసింది. సమన్లు వచ్చాయి, అఫిడవిట్ ఇచ్చాను, పిలిచిన రోజున హాజరయ్యాను. సాక్షులను పిలిపించడానికి, ప్రమాణం చేయించడానికి, రికార్డులు తెప్పించడానికి సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలే కమిషన్‌కూ ఉంటాయి. పిలిస్తే వెళ్లి తీరాలి.

బల్ల మీద పాత ఎం-బుక్కు, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం, తెరిచి పెట్టారు. కొలతలు రాసిన పేజీలో నీలి సిరాతో నా పొడి సంతకం, దాని కింద తనిఖీ చేసిన పై అధికారి సంతకం ఉన్నాయి. కమిషన్ తరఫు న్యాయవాది పై అధికారి సంతకాన్ని పట్టించుకోలేదు. నా సంతకం మీద పెన్ను ఆనించి అడిగారు.

"ఈ రాత మీదేనా?"

"అవునండీ."

"లైనింగ్ మందం పది సెంటీమీటర్లని రాశారు. లైనింగ్‌ను తొలిచి కోర్ ముక్క తీసి చూస్తే ఏడే ఉంది. ఏమంటారు?"

కోర్ తీసిన చోట గండి పడితే తర్వాత వేరే కాంట్రాక్టరుతో మళ్లీ వేయించారని, ఆ కొలతలు వేరే ఎం-బుక్కులో ఉన్నాయని చెప్పబోయాను. "అడిగినదానికే జవాబివ్వండి. పది అని రాసింది మీరేనా, కాదా?" అన్నారు. అవునన్నాను. అదొక్కటే నమోదైంది. నిండిన హాల్లో, నాకంటే చిన్నవాళ్ల ముందు, నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చింది. రెండో ఎం-బుక్కు తెప్పించమని ఆ తర్వాత రాసి ఇచ్చిన కాగితానికి బదులే లేదు.

నివేదిక బయటికి వచ్చాక చూస్తే, తప్పుడు కొలతలు రాసి కాంట్రాక్టరుకు మేలు చేశానని ఉంది. దేవరకొండ నుంచి మా బావమరిది ఫోన్ చేసి "బావా, పేపర్లో పడింది నీ పేరేనా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లకు పైగా ఎండలో కాలువ గట్ల మీద తిరిగినవాణ్ని. కాంట్రాక్టరు ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను.

నల్గొండలో ఒక యువ న్యాయవాది కాగితాలన్నీ చూసి ఒకటే ప్రశ్న వేశాడు. "సార్, మీకు 8బి నోటీసు వచ్చిందా?" రాలేదు. నాకు వచ్చింది సాక్షి సమన్లు మాత్రమే. విచారణలో ఒకరి ప్రవర్తనను పరిశీలించాల్సి వచ్చినా, వారి పేరుప్రతిష్ఠలకు నష్టం కలుగుతుందని అనిపించినా, నివేదిక రాయకముందే వారి వాదన వినాలని, తమ తరఫు సాక్ష్యం చూపే అవకాశం ఇవ్వాలని సెక్షన్ 8బి చెబుతుంది. అలాంటి వ్యక్తికి సాక్షులను ఎదురు ప్రశ్నించే హక్కును, లాయరును పెట్టుకునే హక్కును 8సి ఇస్తుంది. నాకు ఈ రెండూ దక్కలేదు.

హైకోర్టులో ప్రభుత్వం తరఫు వాదన విని నా ఒళ్లు మండింది. నివేదిక కేవలం సిఫారసు, తీర్పు కాదు, దానివల్ల ఎవరికీ శిక్ష పడదు, అందువల్ల నాకు నష్టమే లేదన్నారు. మొదటి మాట నిజమే. కమిషన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదని, నివేదిక దానంతటదే అమలు కాదని 1958లో రామకృష్ణ దాల్మియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నివేదిక అందిన ఆరు నెలల్లోగా ప్రభుత్వం దాన్ని, తీసుకున్న చర్యల వివరాలతో కలిపి, శాసనసభ ముందు పెట్టాలి. నేరం రుజువు చేయాలంటే కోర్టులో మళ్లీ సాక్ష్యాలతో మొదలుపెట్టాల్సిందే.

కానీ శిక్ష లేదు కనుక నష్టం లేదనడం అన్యాయం. 1989 భాగల్‌పూర్ అల్లర్ల కమిషన్ 8బి నోటీసు ఇవ్వకుండానే ఎల్.కె. అద్వానీపై వ్యాఖ్యలు చేస్తే, పట్నా హైకోర్టు వాటిని కొట్టేసింది. 2003లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. మనిషి ప్రతిష్ఠ కూడా హక్కేనని చెప్పింది. మా వకీలు ఆ తీర్పునే చదివి వినిపించాడు. అద్వానీకి వర్తించిన న్యాయం అసిస్టెంట్ ఇంజనీరుకూ వర్తించింది.

కమిషన్ కోర్టు కాకపోయినా నిష్పక్షపాతంగా కనిపించాలన్న సంగతి మా జిల్లావాళ్లకు కొత్త కాదు. ఇతర విద్యుత్ ఒప్పందాలతోపాటు దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రంపైనా విచారించిన కమిషన్ ఛైర్మన్ మధ్యలోనే విలేకరులతో మాట్లాడారు. 2024 జులైలో సుప్రీంకోర్టు దానికి అభ్యంతరం చెప్పింది. ఆయన స్థానంలో మరొకరు వచ్చారు.

సమన్లు అందుకున్నవాళ్లు అది సాక్షిగానా, 8బి కిందనా అని కమిషన్ కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన నకలు తీసుకోండి. రెండో ఎం-బుక్కు కోసం నేనిచ్చిన కాగితంపై ఉన్న ముద్రే కోర్టులో అక్కరకొచ్చింది. పాత సహోద్యోగుల మాట మాత్రం నమ్మవద్దు. "ఏమీ కాదులే" అన్నవాళ్లలో ఒక్కరూ నా తరఫున సంతకం పెట్టలేదు.

నివేదికలో మిగతా భాగం అలాగే ఉంది. దాని ఆధారంగా శాఖ నాకిచ్చిన ఛార్జి మెమో ఇక నిలవదు. కావాలంటే సొంతంగా విచారణ జరుపుకోవచ్చని కోర్టు శాఖకు చెప్పింది. జరిపితే రెండో ఎం-బుక్కును ముందు తెప్పించమని ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను.