ఎడమ పేజీలో జవాబులు

సావనీరుకు ఏదైనా రాయమన్నప్పుడు మన బడి మెట్లు, వేపచెట్టు, ఇంటర్వెల్లో ఐస్ అమ్మే తాత, ఇవన్నీ నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారు. నేను కెమిస్ట్రీ రికార్డు పుస్తకం గురించి రాస్తాను. ముప్పై ఏళ్ల తర్వాత అది నాకు పనికొచ్చింది, అదీ మార్కుల కోసం కాదు.

పోయిన వేసవిలో నా బెంచీ వాడు ఫోన్ చేశాడు. "ఒరే, నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇప్పుడు కూడా వెయ్యకపోతే ఇంకెప్పుడు వేస్తాను? ఆడిషన్ రీల్ ఒకటి తీసి హైదరాబాద్ పంపాలి. మోనోలాగు రాసిపెట్టు" అన్నాడు. చెన్నైలో తెలుగు నాటకాలంటే వాడికి ప్రాణం. పాత్ర కూడా వాడే ఎంచుకున్నాడు: లంచం అడిగిన అధికారిని నిలదీసే నడివయసు బడిపంతులు. తండ్రి, మాస్టారు, హెడ్ కానిస్టేబుల్ వేషాలే వాడి వయసుకు దొరుకుతాయి కాబట్టి లెక్క సరైనదే.

మొదటిసారి రాసింది నాలుగు నిమిషాలొచ్చింది. దేశం, సమాజం, భావితరం అన్నీ ఉన్నాయి. వాడు చెయ్యెత్తి చదువుతుంటే మైకు లేని బహిరంగసభలా ఉంది. రీల్ చూసేవాళ్లు మొదటి పదిహేను సెకన్లలోనే ఉండాలో, పక్క వీడియోకు పోవాలో తేల్చుకుంటారు. మొత్తం నిమిషమున్నర దాటకూడదు. కానీ అసలు తప్పు నిడివిది కాదు. మా మాస్టారికి ఆ గదిలో ఏం కావాలో నేను రాయలేదు. అవినీతి పోవాలన్నది ఆశయం. ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషిని అడగడానికి అంతకంటే చిన్నది, ఆ పూటే తేలిపోయేది కావాలి. అందుకని ఒక పిల్లాడి ఆదాయ ధ్రువపత్రం అనుకున్నాం. స్కాలర్‌షిప్‌కు రేపే ఆఖరి తేదీ. కావాల్సింది ఒక్క సంతకం.

రెండోసారి రాసింది నాకు తెగ నచ్చింది. మాస్టారు కెమిస్ట్రీ చెప్తారు కదా, నోట్లకు ఫినాల్ఫ్తలీన్ పొడి రాసి తెచ్చి, అధికారి డబ్బు పట్టుకోగానే "ఇప్పుడు చెయ్యి కడుక్కోండి" అంటారు. ఏసీబీ వాళ్లు చేసేది అదే. నోట్ల నంబర్లు రాసుకుని, సాక్షుల ముందు పొడి రాస్తారు. తర్వాత అధికారి వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. ఆ నీళ్లను సీసాలో సీలు వేసి ల్యాబుకు పంపుతారు.

వాడికి వినిపిస్తే ఒక్క ప్రశ్న వేశాడు: "వల వేసినవాడు ఇంతసేపు మాట్లాడతాడా?"

మాట్లాడడు. ఫిర్యాదు ఇచ్చినవాడికి చెప్పేదే, నీ అంతట నువ్వు ఇవ్వొద్దు, అతను అడిగితేనే ఇవ్వు, తర్వాత సైగ చెయ్యి అని. కేసు నిలబడాలంటే చేతికి పొడి అంటితే చాలదు, అడిగినట్టు కూడా రుజువు కావాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ మాట స్పష్టంగా చెప్పింది. అంటే వల ఉన్నచోట మోనోలాగు ఉండదు, మోనోలాగు ఉన్నచోట వల ఉండకూడదు. పోనీ ఏడుస్తూ డబ్బు ఇచ్చేస్తాడనుకుందామా? 2018 సవరణ తర్వాత ఇవ్వడం కూడా నేరమే. బలవంతాన ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి. ఆ వివరమంతా నిమిషమున్నరలో ఇరికించలేం. మాస్టారు ఇవ్వకూడదు, బెదిరించకూడదు, అరవకూడదు. మరి మిగిలిందేమిటి?

అప్పుడు గుర్తొచ్చారు మన కెమిస్ట్రీ మాస్టారు. పక్కవాడి రికార్డు చూసి రీడింగులు ఎక్కించుకుంటే ఆయన తిట్టేవారు కాదు. పేజీ మనవైపు తిప్పి, "ఇది ఏ రోజు తీశావు?" అనేవారు. జవాబు ఆయనకు తెలుసు. మనం చెప్పేదాకా సుద్దముక్క వేళ్ల మధ్య దొర్లిస్తూ ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం కంటే బెత్తం నయమని నేనప్పుడే అనుకున్నాను.

రాసే పద్ధతి కూడా రికార్డు పుస్తకం నుంచే వచ్చింది. కుడి పేజీలో పెన్నుతో ప్రయోగం రాసేవాళ్లం, ఎడమ పేజీలో పెన్సిలుతో బొమ్మలూ లెక్కలూ. మాస్టారి మాటలు కుడివైపు రాశాను. తెరమీద కనిపించని అధికారి ఏమన్నాడో, ఎక్కడ నవ్వాడో, ఎక్కడ ఫోన్ చూసుకున్నాడో ఎడమవైపు పెన్సిలుతో రాశాను. ఎడమ పేజీ ఖాళీగా ఉన్నచోటల్లా కుడి పేజీ ఉపన్యాసమై కూర్చుంది. వాటిని కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది:

"కూర్చోమన్నారు, థాంక్సండీ. ఇరవయ్యారేళ్లుగా నిలబడే అలవాటు. ఈ దరఖాస్తు మీద తేదీ ఒకసారి చదువుతారా? ... పదకొండు. ఇవాళ? ... ఇరవై తొమ్మిది. ఈ పద్దెనిమిది రోజుల్లో ఏ కాగితం తక్కువైందండీ? ... అబ్బే, అటెండరు చెప్పాడు, మూడువేలని. మీ నోట విందామని వచ్చాను. ... డబ్బు తెచ్చాను. వాళ్లమ్మ నిన్న రాత్రి తెచ్చిచ్చింది. నా జేబులోనే ఉంది. ఇస్తే పనైపోతుందని నాకూ తెలుసు. ... రేపు ఫస్ట్ పీరియడ్ పదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెప్పాలి. ఫినాల్ఫ్తలీన్ అని ఒకటుంది సార్. రంగుండదు. వాషింగ్ సోడా నీళ్లు తగిలితే గులాబీ. ఇదెక్కడ వాడతారు మాస్టారూ అని ఏటా ఎవడో ఒకడు అడుగుతాడు. ఏటా మాట దాటేస్తున్నాను. ... రేపు ఏం చెప్పమంటారు?"

చుక్కలున్న ప్రతిచోటా ఎడమ పేజీలో ఒక జవాబుంది. రెండో చుక్కల దగ్గర అధికారి మొదటిసారి తలెత్తుతాడు. "మీ నోట విందామని" అన్నాక ఫైలు మూసేస్తాడు. ఫినాల్ఫ్తలీన్ పేరు వినగానే అతనికి అర్థమవుతుంది. మాస్టారు మాత్రం పాఠంలోంచి బయటికి రాడు.

పశ్చిమ మాంబళంలో మేడమీద గదిలో తీశాం. తెల్లగోడ, ముందునుంచి కిటికీ వెలుతురు, ఫోను అడ్డంగా, వాడి కళ్ల ఎత్తులో. ఛాతీ నుంచి పైకి. అందుకే డబ్బు చొక్కా జేబులో పెట్టాం, ప్యాంటు జేబైతే ఫ్రేములోకి రాదు. అధికారిగా నేను కెమెరాను ఆనుకుని కూర్చున్నాను. వాడు నా కళ్లలోకి చూడాలి, లెన్సులోకి కాదు. మొదట నా జవాబులు పైకే చదివాను. ఫోనుకు దగ్గరున్నది నేనే కావడంతో వాడికంటే నా గొంతే పెద్దగా వచ్చింది. ఆ తర్వాత పెదాలు కదపకుండా ముఖంతోనే జవాబిచ్చాను. ఫ్యాను ఆపేశాం. రైళ్లను ఆపలేం కదా, కోడంబాక్కం వైపు బండి వెళ్లినప్పుడల్లా మళ్లీ మొదటికి.

వాడితో పేచీ ఒక్కచోటే వచ్చింది. "నా జేబులోనే ఉంది" అన్నప్పుడు జేబు మీద తట్టి, సవాలు చేసినట్టు చూసేవాడు. హీరో వేషం అలవాటు. "ఒరే, అది వాళ్లమ్మ డబ్బురా. ఆవిడ దగ్గర పుచ్చుకున్నందుకు ఆయనకి సిగ్గుగా ఉంది" అన్నాను. ఆరో టేకులో చెయ్యి జేబుదాకా వచ్చి, తాకకుండానే దిగిపోయింది. అప్పుడు ఎర్రపెన్ను మాత్రం కనిపించింది. ఆ టేకే పంపాం, పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పే ముక్క వేరుగా, కుడి ఎడమ ప్రొఫైళ్లతో.

పదకొండో రోజున వాట్సాప్‌లో జవాబొచ్చింది. ఎడమవైపు ప్రొఫైలు మసగ్గా ఉంది, మళ్లీ తీసి పంపండి అని. మోనోలాగు గురించి ఒక్క ముక్క లేదు. ఈ ఆదివారం గడ్డం గీసుకుని వస్తానన్నాడు.