కొత్త సిమ్ వేస్తే టవర్ అసలే రాలేదు: నా అనుభవం

2016లో కొన్న డ్యూయల్ సిమ్ ఫోన్. రెండో స్లాట్‌లో ఉన్న నంబరును జియోకు పోర్ట్ పెట్టి, కొత్త సిమ్ తెచ్చి అదే స్లాట్‌లో వేశాను. సిగ్నల్ ఒక్క గీత కూడా రాలేదు. ముందు రోజు దాకా పాత సిమ్‌తో అదే స్లాట్‌లో కాల్స్ బాగానే వెళ్లాయి కాబట్టి సిమ్ పాడైందనే అనిపిస్తుంది. కానీ సిమ్ బాగానే ఉంది. మూడు కారణాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. మొదటిది తొలగితేగాని రెండోది కనబడలేదు.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది తెరమీద ఏం రాసి ఉందన్నది. No SIM అని వస్తే ఫోన్ సిమ్‌ను చదవనే లేదు: ట్రేలో సరిగ్గా కూర్చోకపోవడం, కత్తెరతో కత్తిరించిన సిమ్ అంచు ఎత్తుగా ఉండడం, స్లాట్ పిన్నులు వంగడం లాంటివి. No service అంటే సిమ్‌ను చదివింది గానీ ఏ టవరూ వినబడటం లేదని. Emergency calls only అని ఉంటే ఏదో ఒక కంపెనీ టవర్ వినబడుతోంది, ఈ సిమ్‌కు మాత్రం అందులో చోటు దొరకలేదు. నాకు వచ్చింది ఈ మూడోది. కాబట్టి ట్రే తీసి తుడవడం, సిమ్‌ను రబ్బరుతో రుద్దడం లాంటివాటి జోలికి పోలేదు.

సిమ్‌దా, ఫోన్‌దా అన్నది తేల్చడానికి దాన్ని ఇంట్లో ఉన్న ఇంకో 4జీ ఫోన్‌లో వేశాను. అక్కడా Emergency calls only. అప్పుడు సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్, అందులో నెట్‌వర్క్ ఆపరేటర్స్‌కు వెళ్లి ఆటోమేటిక్ తీసేసి వెతకనిచ్చాను. ఇది రెండు మూడు నిమిషాలు పడుతుంది, మధ్యలో వెనక్కి వచ్చేయకూడదు. కొన్ని ఫోన్లలో మొబైల్ డేటా ఆపితేనే పూర్తవుతుంది. వచ్చిన జాబితాలో జియో 4జీ ఉంది. కొన్నిసార్లు పేరు బదులు 404తోనో 405తోనో మొదలయ్యే అంకెలు కనబడతాయి, అవి మన దేశపు కోడ్‌లే. జియోను ఎంచుకుంటే Your SIM card doesn't allow a connection to this network అని వచ్చింది.

ఈ జవాబు వచ్చిందంటే టవర్ ఉంది, ఆ ఫోన్ రేడియో బాగుంది, అడిగితే కంపెనీయే కాదంటోంది. కొత్త సిమ్ ఇంకా వాళ్ల సిస్టమ్‌లోకి ఎక్కలేదన్నమాట. పోర్ట్ పెట్టిన నంబరుకు ఇది మామూలే. ఒకే సర్కిల్‌లో అయితే పోర్ట్‌కు మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కు అయితే ఐదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్, అందుకని హైదరాబాద్ నంబరును విజయవాడలో పోర్ట్ చేసినా మూడు రోజుల లెక్కే. అందాకా నంబరు పాత సిమ్ మీదే బతికి ఉంటుంది. పాత సిమ్ తీసి డ్రాయర్‌లో పడేసి, కొత్తది పనిచేయడం లేదని షాపుకు పరిగెత్తేవాళ్లు చాలామంది; అక్కడ "టవర్ ప్రాబ్లం అండీ, సాయంత్రం దాకా చూడండి" అని పంపిస్తారు. ఆ మధ్యలో వచ్చే ఓటీపీలు ఎవరికీ అందవు. నేను పాత సిమ్‌ను తిరిగి నా ఫోన్‌లో వేసి, కొత్తదాన్ని ఆ రెండో ఫోన్‌లోనే ఉంచాను.

మూడో రోజు రాత్రి పాత సిమ్‌కు సిగ్నల్ పోయింది. పోర్ట్ జరిగినట్టు తెలిసేది దీనితోనే. మారే సమయంలో కొద్ది గంటలు రెండు సిమ్‌లకూ సిగ్నల్ ఉండకపోవచ్చు. అయితే తెల్లారినా రెండో ఫోన్‌లో కొత్త సిమ్ Emergency calls only దగ్గరే ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ చందాదారుడు నాకు తెలియదని నెట్‌వర్క్ ఒకసారి చెబితే, ఆ సిమ్ చెల్లదని ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. స్విచ్ ఆఫ్ చేసేదాకా లేదా సిమ్ బయటికి తీసేదాకా మళ్లీ అడగదు. టవర్లను పదే పదే విసిగించకుండా ఫోన్ల ప్రమాణాల్లోనే పెట్టిన నియమం ఇది. అంటే రాత్రికి రాత్రి సిమ్ యాక్టివేట్ అయినా ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. ఏరోప్లేన్ మోడ్ వేసి తీయడం కొన్ని ఫోన్లలో సరిపోతుంది, అన్నిట్లో కాదు. పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేశాను, నిమిషంలోపే జియో 4జీ వచ్చింది.

ఇక సిమ్ మంచిదేనని తేలింది. దాన్ని నా ఫోన్‌లో రెండో స్లాట్‌కు మార్చి ఆన్ చేస్తే మళ్లీ Emergency calls only! ఇక్కడా అదే వెతుకులాట చేశాను. ఈసారి జాబితాలో ఎయిర్‌టెల్ 2జీ, బీఎస్ఎన్ఎల్ 2జీ ఉన్నాయి, జియో మాత్రం లేదు. పక్కనే పెట్టిన రెండో ఫోన్‌కు అది దొరుకుతోంది. కంపెనీ కాదనడం వేరు, జాబితాలో కంపెనీయే లేకపోవడం వేరు. రెండోదైతే ఫోన్ ఆ టవర్ భాష వినడం లేదని అర్థం.

ఆ కాలపు డ్యూయల్ సిమ్ ఫోన్లలో చాలావాటికి ఒకేసారి ఒక సిమ్‌కే 4జీ అందుతుంది. డేటా ఏ సిమ్‌కు పెడితే 4జీ దానిది, మిగిలిన సిమ్ 2జీకి దిగిపోతుంది. నా పాత సిమ్ కంపెనీకి 2జీ ఉంది కాబట్టి ఇన్నాళ్లూ తేడా తెలియలేదు. జియోకు 2జీ, 3జీ టవర్లే లేవు, ఉన్నది 4జీ, 5జీ. 2జీకి దిగిన స్లాట్‌లో జియో సిమ్‌కు వినడానికి ఏమీ ఉండదు.

సిమ్ కార్డ్స్ సెట్టింగ్‌లో మొబైల్ డేటాను ఒకటో సిమ్ నుంచి రెండో సిమ్‌కు మార్చాను. తర్వాత ఆ సిమ్ కింద ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ను 4జీ/3జీ/2జీ ఆటోకు పెట్టి, ఆపరేటర్ ఎంపికను మళ్లీ ఆటోమేటిక్‌కు తెచ్చాను. ఈ చివరిది మరిచిపోతే ఊరు మారినప్పుడు ఇంకో గొడవ. అరనిమిషంలో గీతలు నిండాయి. ఒకటో సిమ్ ఇప్పుడు 2జీలో ఉంది, దాని కాల్స్ వస్తాయి, నెట్ రాదు.

కొన్ని మోడళ్లలో 4జీ ఒకటో స్లాట్‌కే కట్టేసి ఉంటుంది. రెండో సిమ్ మెనూలో 4జీ అన్న ఎంపికే కనబడకపోతే అదే సంగతి, అప్పుడు సిమ్‌లను అటూ ఇటూ మార్చుకోవాలి. రెండు స్లాట్లలోనూ జియో సిమ్‌లే వేయాలంటే ఇలాంటి ఫోన్ కుదరదు, ఏ సెట్టింగ్ మార్చినా ఒకటి మూగగానే ఉంటుంది. గీతలు నిండినా కాల్ వెళ్లకపోతే అదే మెనూలో వోల్టీ ఆన్ చేయాలి. నా ఫోన్‌లో అదీ ఆఫ్‌లోనే ఉంది.

సిమ్ ఇంకో ఫోన్‌లో పనిచేస్తూ, ఈ ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ వేసినా ఏ స్లాట్‌లోనూ టవర్ రాకపోతే మాత్రం సెట్టింగ్స్ తిప్పి లాభం లేదు. *#06# నొక్కి 15 అంకెల ఐఎంఈఐ వస్తోందో లేదో చూడాలి. ఖాళీగానో సున్నాలతోనో ఉంటే ఫోన్ లోపలి రేడియో సమాచారం చెడిపోయింది, రిపేరు షాపు పని. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, కానీ కొన్నది సెకండ్ హ్యాండ్ అయితే KYM అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపాలి, ఇంకో ఫోన్ నుంచి. పోయిందని ఎవరో బ్లాక్ చేయించిన ఫోన్ అయితే ఆ జవాబులో తెలుస్తుంది.