సగం మిగిలిన బాక్సు ఫొటో

మా పాప లంచ్ బాక్సు సగం మిగిలి వచ్చింది. కడిగే ముందు ఫొటో తీసి, రాత్రి తీరిగ్గా చూశాను. పప్పన్నం మధ్యలో తినేసింది. దొండకాయ వేపుడు ఆనుకున్న వైపు మాత్రం ముట్టలేదు. పప్పు తడికి వేపుడంతా మెత్తబడిపోయింది. ఆపిల్ ముక్కలు రంగు మారి అలాగే ఉన్నాయి. ఇంట్లో ఇష్టంగా తినే కూరే, కాబట్టి రుచి కాదు, ఆ తడే అసలు సమస్య.

ఇప్పుడు వేపుడు మూత ఉన్న చిన్న స్టీలు గిన్నెలో విడిగా పెడుతున్నాను. ఆవిరి పోయాకే మూత పెడతాను. వేడి మీద మూస్తే మూతకు పట్టిన నీళ్లన్నీ తిరిగి కూరమీదే పడతాయి. పప్పన్నం కాస్త గట్టిగా కలిపి, నెయ్యి వేసి, నోటికి సరిపడే ముద్దలు చేస్తున్నాను. స్పూనుతో కలుపుకుంటూ కూర్చునేంత టైము బడిలో పిల్లలకు ఎక్కడిది! ఆపిల్ బదులు కమలా తొనలు. పెరుగన్నం రోజున చల్లారిన అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపితే మధ్యాహ్నానికి అంతగా పులవదు.

కొత్త కూర ఏదైనా రెండు చెంచాలే, తనకిష్టమైనదాని పక్కన. నిన్న బీన్స్ కొబ్బరి కూర అలా పెడితే సగం తింది. వచ్చే వారం మళ్లీ పెడతాను.