ఒక పాచిక, ముప్పై విసుర్లు

పాస్‌వర్డులన్నింటినీ కీపాస్ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లో భద్రపరచుకోవాలని నిర్ణయించుకున్నాక, ఆ పెట్టెను తెరిచే ఒక్క పాస్‌వర్డును మాత్రం నేనే గుర్తుంచుకోవలసి వచ్చింది. అప్పటివరకు నేను వాడుతున్నది `Godavari@1987` తరహాలో ఉండేది. అందులో పెద్దక్షరం, గుర్తు, అంకెలు ఉండటంతో పాటు పదమూడు అక్షరాల పొడవు కూడా ఉన్నందున ఏ సైటూ దానిని కాదనలేదు.

అయితే పాస్‌వర్డును ఊహించడం ఎంత కష్టమో చెప్పే ఎంట్రపీ అనే కొలత కంటికి కనిపించే పాస్‌వర్డును బట్టి కాక, దానిని ఎన్నుకున్న పద్ధతి ఎన్ని ఫలితాలకు అవకాశం ఇచ్చిందన్న దానిని బట్టి ఉంటుంది. నా పద్ధతిని తెలిసినవాడి లెక్క ఇలా సాగుతుంది: పరిచితమైన పేర్లు పదివేలు, మొదటి అక్షరం పెద్దదో చిన్నదో రెండు, గుర్తులు పది, సంవత్సరాలు వంద. వీటిని గుణిస్తే వచ్చేది రెండు కోట్లు, అంటే సుమారు 24 బిట్లు. ఒక్కొక్క బిట్టు పెరిగినప్పుడల్లా వెతకవలసిన సంఖ్య రెట్టింపవుతుంది. దొంగిలించిన ఫైలు మీద సెకనుకు వంద కోట్ల ఊహలు ప్రయత్నించగలిగితే, రెండు కోట్లు పూర్తి కావడానికి రెప్పపాటు కూడా అక్కరలేదు.

అందుకే పాచిక విసిరి ఒక జాబితాలోంచి మాటలను ఏరే డైస్‌వేర్ పద్ధతిని ఎంచుకున్నాను, దానిని 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రతిపాదించాడు. పిల్లల లూడో పెట్టెలోని పాచికను ఐదుసార్లు విసిరి, వచ్చిన ఐదంకెల సంఖ్యకు ఎదురుగా జాబితాలో ఉన్న మాటను కాగితం మీద రాసుకున్నాను. జాబితాలో 7776 మాటలు ఉంటాయి కనుక ఒక్కో మాటకు సుమారు 12.9 బిట్లు లభిస్తాయి. ముప్పై విసుర్లకు ఆరు మాటలు, 77 బిట్లు వచ్చాయి. పైన చెప్పిన వేగంతో వాటన్నింటినీ వెతకాలంటే దాదాపు 70 లక్షల సంవత్సరాలు పడుతుంది.

మూడో మాట నాకు నచ్చక మార్చబోయి ఆగాను. నాకు నచ్చిన మాటలనే ఉంచుకుంటూ పోతే ఎంపిక పాచికది కాక నాదవుతుంది, జాబితా నా అభిరుచి మేరకు కుంచించుకుపోతుంది. ఆ ఆరింటినీ కలిపి ఒక అర్థంపర్థం లేని కథ అల్లుకున్నాను. నాలుగు రోజులు రోజుకు మూడేసిసార్లు టైపు చేశాక వేళ్లకు అలవాటైంది, ఆపైన కాగితాన్ని బీరువాలో దాచాను.

తెలుగు మాటలతో సొంత జాబితా తయారుచేద్దామని కూడా ప్రయత్నించాను. భాష మారినంత మాత్రాన బలం తగ్గదు, లెక్కకు కావలసింది జాబితా పరిమాణమే. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ‘చెట్టు’లో ఎన్ని `t`లు పెట్టానో మరుసటి రోజు నాకే గుర్తు లేదు.

నిజానికి యంత్రం యాదృచ్ఛికంగా ఇచ్చిన ఎనిమిది అక్షరాలకు కూడా 52 బిట్లకు పైగా ఉంటాయి, అది నాలుగు డైస్‌వేర్ మాటలతో దాదాపు సమానం. మనిషికి మాటలు గుర్తున్నట్లు `x7#` వంటివి గుర్తుండవు, అంతే తేడా. ఒక సైటు పదిహేను అక్షరాలకు మించి అంగీకరించకపోతే అక్కడ మాటలను ఇరికించలేదు. కీపాస్ఎక్స్‌సీ పుట్టించిన పదిహేను అక్షరాలనే పెట్టాను, వాటిని గుర్తుంచుకోవలసిన పని దానిదే.