ముందున్న సున్నా

డాలస్ శివారులోని ఇర్వింగ్‌లో మా కార్యాలయం ఉండేది. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, పూజాసామగ్రి అమెరికా అంతటికీ ఆన్‌లైన్‌లో అమ్మే ఆ చిన్న సంస్థలో నేను మార్కెటింగ్ విభాగానికి అధిపతిని. అధిపతి అన్న మాట వీసా కాగితాల్లో ఘనంగా కనిపించేది గాని, నా కింద పనిచేసేది ఇద్దరే. నా బల్లకు ఎదురుగా గోడ మీద పెద్ద టీవీ ఒకటి, దాని మీద పగలంతా వెలిగే డ్యాష్‌బోర్డు ఒకటి ఉండేవి. ఆ వేసవిలో మూడు వారాల పాటు ఆ తెర మీద పచ్చరంగు తప్ప మరొకటి నేను చూడలేదు. ప్రకటనల మీద పెట్టిన ప్రతి డాలరుకూ అంతకుముందు 4 డాలర్ల అమ్మకం వచ్చేది. అది అయిదున్నరకు చేరింది. అన్నిటికన్నా నన్ను మురిపించిన అంకె న్యూజెర్సీది. అక్కడ ఒకసారి కొన్నవారు వారం తిరగకుండానే మళ్లీ కొంటున్నారని తెర చెబుతోంది.

ఎడిసన్ పరిసరాల్లో మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు, మా రుచి వారికి పట్టింది, అందుకే మళ్లీ వస్తున్నారు అని సోమవారం సమావేశంలో నేను వివరించాను. ఎవరూ కాదనలేదు. ప్రకటనల సొమ్ములో మరి కొంత న్యూజెర్సీకి మళ్లించడానికి అనుమతి కూడా దొరికింది. నిజానికి నేను మళ్లించకముందే ఆ పని కొంత జరిగిపోయింది. ఎక్కడ కొనుగోళ్లు ఎక్కువగా నమోదవుతుంటే అక్కడే ప్రకటనలను మరింతగా చూపించడం ఆ ప్రకటనల వ్యవస్థకు స్వభావం.

ఆ గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల మీది ఫోను మోగింది. ఖాతాదారుల ఫోన్లు మామూలుగా హైదరాబాదులో రాత్రి పాళీ చేసే బృందానికి వెళతాయి. ఒక ప్రకటనలో ఫోను మీట పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి నా నంబరు పెట్టి, తీసివేయడం మరిచిపోయినట్టు తరువాత తెలిసింది. ఆ మరుపే లేకపోతే ఆ పిలుపు నాదాకా వచ్చేది కాదు.

"బాబూ, తెలుగేనా?" అని ఒక పెద్దావిడ అడిగారు. అవునన్నాను. ఆవిడ ఎడిసన్ నుంచి మాట్లాడుతున్నారు. కోడలి పురుటికి తెనాలి నుంచి వచ్చారట. బాలింత పత్యానికి శొంఠిపొడి, కరివేపాకు కారం, వెల్లుల్లి కారం కావాలని కొడుకు చేత మా దగ్గర ఆర్డరు పెట్టించారు. రాలేదు. వారం ఆగి మళ్లీ పెట్టించారు. రాలేదు. మూడోసారి కోడలే మంచం మీద నుంచి తన ఫోనులో పెట్టింది.

"డబ్బు పోలేదు బాబూ, అదే మాకు విచిత్రంగా ఉంది. కార్డులో పట్టుకున్నట్టు చూపిస్తారు, వారం తిరిగేసరికి ఆ గీత మాయమైపోతుంది. మీవాళ్లకు ఫోను చేస్తే, గోదాము మారింది, ఆలస్యమవుతుంది, పంపిస్తామంటారు. పిల్లకు పత్యం రోజులు అయిపోవస్తున్నాయి. నేను వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చుకోవలసింది, బరువెక్కువవుతుందని మావాడు తీయించేశాడు."

క్షమించమని చెప్పి ఆర్డరు నంబర్లు అడిగాను. మూడూ మా దుకాణపు వెబ్‌సైటులో ఉన్నాయి. గోదాము తెర మీద మూడింటిలో ఒక్కటీ లేదు. చిరునామా సరిచూసుకోవడానికి జిప్‌కోడ్ చెప్పమంటే, ఆవిడ కొడుకు రాసిపెట్టిన కాగితం చూస్తూ ఒక్కొక్క అంకే నిదానంగా చదివారు: "సున్నా, ఎనిమిది, ఎనిమిది, రెండు, సున్నా." నేను రాసుకున్నాను. అప్పటికి నాకు అందులో ఏమీ తోచలేదు.

ఫోను పెట్టేసి టీవీ వైపు చూశాను. ఆవిడ మూడు ఆర్డర్లూ అక్కడ మూడు విజయాలుగా, పైగా 'మళ్లీ కొన్న ఖాతాదారు' అన్న గౌరవంతో వెలుగుతున్నాయి. తెరకు అబద్ధం చెప్పే ఉద్దేశం లేదు. ఖాతాదారు డబ్బు చెల్లించాక 'ధన్యవాదాలు' అన్న పేజీ వారి బ్రౌజరులో తెరుచుకుంటుంది. ఆ పేజీ తెరుచుకోగానే ఒక చిన్న కోడ్ 'కొనుగోలు జరిగింది' అని కబురు పంపుతుంది. తెర లెక్కపెట్టేది ఆ కబుర్లనే. ఆ తరువాత సీసా డబ్బాలో పడిందా, డబ్బా బండెక్కిందా అన్నది దానికి తెలిసే దారే లేదు. ఈ సంగతి నాకు కొత్తది కాదు, ఆ కోడ్ పెట్టించింది నేనే.

విజయవాడలో మా మేనమామకు టోకు కిరాణా కొట్టు ఉండేది. రాత్రి గల్లాపెట్టెలోని డబ్బును సరుకు చిట్టాతో సరిచూసుకోనిదే ఆయన కొట్టు కట్టేవాడు కాదు. సెలవుల్లో ఆ చిట్టా చదివి వినిపించడం నా పని. పదకొండేళ్లుగా అమెరికాలో అమ్మకాల లెక్కలు చూస్తున్న నేను ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం ఆ గురువారమే. దుకాణం నుంచి మూడు వారాల ఆర్డర్ల జాబితా దించుకున్నాను: 1,240. గోదాము నుంచి కట్టిన పెట్టెల జాబితా తెప్పించుకున్నాను: 1,003. ఆర్డరు నంబరు ఆధారంగా ఒకదానితో ఒకటి కలిపి చూస్తే మిగిలినవి 237.

ఆ 237 వరుసలనూ ఏ క్రమంలో పేర్చినా మొదట ఏమీ అర్థం కాలేదు. అన్ని రకాల సరుకులూ ఉన్నాయి, అన్ని రోజులూ ఉన్నాయి, అన్ని రకాల కార్డులూ ఉన్నాయి. రాష్ట్రాల వారీగా పేర్చినప్పుడు మాత్రం న్యూజెర్సీ, మసాచుసెట్స్, కనెక్టికట్, వాటి చుట్టుపక్కలవే మిగిలాయి. టెక్సాస్ ఒక్కటీ లేదు, కాలిఫోర్నియా ఒక్కటీ లేదు. పక్కనున్న జిప్‌కోడ్ గడిలోకి చూస్తే 8820 అని ఉంది. నా కాగితం మీద ఆవిడ చెప్పిన అంకెలు అయిదు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చాలావాటి జిప్‌కోడ్లు సున్నాతో మొదలవుతాయి. ఎక్సెల్ ఆ గడిని అంకెగా భావించి తెరుస్తుంది, అంకెకు ముందున్న సున్నాకు విలువ లేదు కనుక తీసేస్తుంది, ఫైలును మళ్లీ భద్రపరిస్తే ఆ సున్నా శాశ్వతంగా పోతుంది. నాలుగంకెల జిప్‌కోడ్ ఉన్న వరుసను గోదాము సాఫ్ట్‌వేర్ తీసుకోదు. దాన్ని పక్కన పెట్టి, తిరస్కరించిన వరుసల జాబితాను ఒక మెయిల్‌కు పంపుతుంది. ఆ మెయిల్ వసంతంలో ఉద్యోగం మానేసిన ఒక మేనేజరుది. మా జిప్‌కోడ్లు 75తో మొదలవుతాయి కనుక కార్యాలయంలో ఎవరు పరీక్షార్థం ఆర్డరు పెట్టినా మర్నాటికల్లా చేతికి వచ్చేది.

ఇంతకీ ఆ ఫైలును ఎక్సెల్‌లో ఎవరు తెరుస్తున్నారు, ఎందుకు తెరుస్తున్నారు? కొత్త గోదాముకు మారినప్పుడు రెండు సాఫ్ట్‌వేర్లకూ నేరుగా లంకె కుదిరేదాకా రోజూ ఉదయం దుకాణం నుంచి ఆర్డర్ల పట్టికను సీఎస్‌వీ ఫైలుగా దించి గోదాముకు ఎక్కించే పనిని నా దగ్గరున్న కుర్రవాడికి అప్పగించారు. ఇక్కడే చదువు ముగించి, ఆ తరువాత కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ మీద పనిచేస్తున్న గుంటూరు అబ్బాయి. దించిన ఫైలును దించినట్టే ఎక్కిస్తే సున్నా పోయే అవకాశమే లేదు. అడిగితే అతను తలదించుకుని, "మీరే చెప్పారు కదండీ, ఏ ప్రకటన ద్వారా వచ్చిన ఆర్డరో తెలిసేలా ఒక నిలువు వరుస చేర్చమని. అందుకే తెరుస్తున్నానండి," అన్నాడు.

నేనే చెప్పాను. డబ్బాల మీద ప్రకటన సంకేతం ముద్రిస్తే నా తెర మీద మరొక పచ్చగడి చేర్చవచ్చునని ఆశపడ్డాను.

కొన్ని వరుసలు వదిలేసినట్టు గోదాము తెర మీద ఒక్కొక్కసారి చూపించేదని, అది మామూలే కాబోలు అనుకున్నానని కూడా అతను చెప్పాడు. అనుకున్నాడో, అడగడానికి భయపడ్డాడో నాకు తెలియదు. ఓపీటీ మీద ఉన్నవాడు ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. హెచ్-1బీ మీద ఉన్న నాకు ఉద్యోగం పోతే దొరికే వెసులుబాటు 60 రోజులే. మా ఇద్దరి మధ్యా అంత పెద్ద తేడా లేదు కనుక నేను అతన్ని ఇంకేమీ అడగలేదు.

ఈ తప్పును పట్టుకోగలిగిన మరో ఇద్దరికీ వారివారి తెరలు ఉన్నాయి. హైదరాబాదు బృందం సగటున నాలుగు నిమిషాల్లో జవాబిస్తోంది కనుక వారి గడి పచ్చగా ఉంది. ఆ జవాబు 'పంపిస్తాం' అన్నదే అయినా ఫిర్యాదు ముగిసినట్టే లెక్క. లెక్కల విభాగంలోని అమెరికన్ మహిళ బ్యాంకులో జమ తక్కువగా ఉన్నట్టు గమనించింది గాని, సరుకు బయలుదేరినప్పుడే కార్డు నుంచి డబ్బు తీసుకుంటాం కనుక అది నాలుగు రోజుల తేడా అనుకుని నెలాఖరుకు వదిలేసింది. తీసుకోని సొమ్ము మీద మా పట్టు 7 రోజులకు సడలిపోతుంది. పెద్దావిడ కార్డులో గీత మాయమైంది అందుకే.

ఆ సాయంత్రమే ఫైలును ఎక్సెల్‌లో తెరవడం మాన్పించి, చివరి వారపు ఆర్డర్లను సున్నాలతో సహా గోదాముకు ఎక్కించాము. అంతకు ముందువాటికి కార్డు వివరాలు మళ్లీ అడగాలి, అక్కరలేదంటే రద్దు చేయాలి. చెప్పిన గడువుకు సరుకు పంపలేకపోతే ఖాతాదారు సమ్మతి అడగడమో, ఆర్డరు రద్దు చేయడమో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం తప్పదు కూడా. 237 ఆర్డర్లూ కలిపి 171 ఇళ్లవి. మిగిలిన 66 అంతకుముందు పెట్టింది రాక మళ్లీ పెట్టినవి. న్యూజెర్సీ వారికి మా రుచి పట్టిందని సోమవారం నేను చెప్పిన కథ ఆ 66దే.

శుక్రవారం, శనివారం కూర్చుని నేనూ ఆ అబ్బాయీ 171 ఇళ్లకూ ఫోన్లు చేశాము. ఎడిసన్ పెద్దావిడకు మొదటి ఫోను నాదే. సరుకు విమానంలో పంపిస్తామని, డబ్బు అక్కరలేదని చెప్పాను.

"ఎందుకు బాబూ, ఊరకే వద్దులే. పక్కింటి గుజరాతీ ఆవిడ శొంఠి ఇచ్చింది, నేనే దంచుకున్నాను. కరివేపాకు కారం ఒక్కటి పంపు, అది కోడలికి ఇష్టం," అన్నారు.

సోమవారం ఉదయానికి నేను ఆ 237 ఆర్డర్లనూ తెర లెక్కలోంచి తీయించి, గోదాము నుంచి బయలుదేరిన పెట్టెలను మాత్రమే అమ్మకంగా చూపమని మార్పించాను. న్యూజెర్సీ గడి ఎర్రబడింది. సమావేశానికి వచ్చిన యజమాని కుర్చీ లాక్కుంటూ, అక్కడ అమ్మకాలు ఒక్కసారిగా ఎందుకు పడిపోయాయని నన్ను అడిగారు.